అజెలాయిక్ యాసిడ్ ఎలా వాడాలి? ఎర్రదనం, పొక్కులు, మచ్చలు కలిసి ఉన్న ముఖానికి

బుగ్గల మీద ఎర్రదనం, చిన్న చిన్న పొక్కులు, అవి మానాక మిగిలిపోయే నల్లటి మచ్చలు. ఈ మూడూ ఒకే ముఖం మీద ఉన్నవాళ్లకి నేను మొదట చెప్పేది అజెలాయిక్ యాసిడ్ గురించే. పదేళ్లుగా వాడుతున్నాను, ఇంట్లో వాళ్లతో, స్నేహితులతో వాడించాను. "వాడి చూశాను, మంట పుట్టింది, పక్కన పడేశాను" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ ట్యూబు తెమ్మని చూస్తే ముప్పావు వంతు అలాగే ఉంటుంది. మొదటి మూడు వారాలు ఎలా గడపాలో తెలియక మంచి మందును వదిలేసుకున్నవాళ్లే వాళ్లలో ఎక్కువమంది. అందుకే నేను ఇక్కడ ఎక్కువ సేపు ఆ మూడు వారాల గురించే మాట్లాడతాను.

ముందు అసలు ఇదేం చేస్తుందో రెండు ముక్కల్లో. 1970లలో ఇటలీ పరిశోధకులు ఒక విషయం గమనించారు. మన చర్మం మీదే బతికే ఒక రకం ఫంగస్ పెరిగినప్పుడు అక్కడక్కడా తెల్లటి మచ్చలు వస్తాయి. ఆ ఫంగస్ తయారుచేసే అజెలాయిక్ యాసిడ్‌కి చర్మంలో రంగు తయారయ్యే పనిని అడ్డుకునే గుణం ఉందని తేలింది. తర్వాత మొటిమల బ్యాక్టీరియాను తగ్గిస్తుందని, రంధ్రాలు మూసుకుపోకుండా చూస్తుందని, వాపును తగ్గిస్తుందని ఒక్కొక్కటిగా బయటపడింది. అమెరికాలో 20 శాతం క్రీముకు 1995లో మొటిమల కోసం, 15 శాతం జెల్‌కు 2002లో రోజేషియా కోసం అనుమతి వచ్చింది. రోజేషియా అంటే ముఖం మధ్యభాగం తరచూ ఎర్రబడి, దాని మీద పొక్కులు కూడా లేచే జబ్బు. చామనచాయ, నల్లటి చర్మాల్లో ఆ ఎరుపు అంత స్పష్టంగా కనిపించదు. ముదురు ఊదాగానో, నల్లబడినట్టుగానో ఉంటుంది, చేయి పెడితే వేడిగా తగులుతుంది. అందుకే చాలామంది దాన్ని "ట్యాన్" అనుకుని ఏళ్లు గడిపేస్తారు.

కావలసినవి

వాసన లేని మెత్తని ఫేస్ వాష్, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న సన్‌స్క్రీన్, అజెలాయిక్ యాసిడ్ ట్యూబు ఒకటి. అంతే. టోనర్, స్క్రబ్, సీరమ్ ఏవైనా ఉంటే ప్రస్తుతానికి అలమారలో పెట్టేయండి.

ట్యూబు విషయంలో ఒక్క మాట. 10 శాతం దాకా మామూలు కాస్మెటిక్‌గా దొరుకుతుంది. 15 శాతం జెల్, 20 శాతం క్రీము చాలాచోట్ల డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందులు. అంకె పెద్దదైతే పని ఎక్కువ చేస్తుందని అనుకోకండి. దేంట్లో కలిపారన్నది కూడా ముఖ్యమే. 15 శాతం జెల్ నుంచి చర్మంలోకి దిగే మందు, 20 శాతం క్రీము నుంచి దిగేదానికన్నా ఎక్కువ. పేరులో అజెలాయిక్ ఉండి, వెనక పదార్థాల వరుసలో "పొటాషియం అజెలోయిల్ డైగ్లైసినేట్" అని ఉంటే అది దీన్నుంచి తయారుచేసిన వేరే పదార్థం. చర్మానికి మెత్తగా ఉంటుంది కానీ, నేను ఇక్కడ చెప్పే ఫలితాలు దానివి కావు.

మొదలుపెట్టే ముందు మూడు రాత్రులు దవడ కింద, చెవికి దగ్గరగా రూపాయి బిళ్లంత మేర రాసి చూడండి. ఉబ్బడం, దద్దుర్లు, నీరు కారడం లేకపోతే ముఖానికి రాయొచ్చు.

ఇంకో సంగతి. తెల్లబడటానికని ఇంతకుముందు స్టెరాయిడ్ కలిసిన క్రీము నెలల తరబడి వాడి, అది ఆపాక ముఖం ఎర్రబడి పొక్కులు లేస్తున్నవాళ్లు సొంతంగా దీన్ని మొదలుపెట్టకండి. ఆ చర్మం అప్పటికే పల్చబడి ఉంటుంది. దాన్ని డాక్టరే చూడాలి.

రాసే పద్ధతి

రాత్రి పడుకునే ముందు ముఖం కడిగి, ఒత్తి తుడిచి, పదిహేను నిమిషాలు ఆగండి. తడి చర్మంలోకి మందు తొందరగా దిగుతుంది, మంట కూడా అంత తొందరగా మొదలవుతుంది. పలుచగా మాయిశ్చరైజర్ రాయండి. ఇంకో పది నిమిషాలు ఆగి, దాని మీద అజెలాయిక్ యాసిడ్ రాయండి.

మందు ముందు, మాయిశ్చరైజర్ తర్వాత అనే వాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. కింద మాయిశ్చరైజర్ ఉంటే మందు కాస్త మెల్లగా దిగుతుంది, మొదటి నెలలో మనకి కావలసింది అదే. నెల దాటి చర్మం అలవాటుపడ్డాక క్రమం మార్చుకోవచ్చు.

ఎంత రాయాలి? ముఖం మొత్తానికి పూర్తి మోతాదు సుమారు అర గ్రాము. ట్యూబు నుంచి రెండున్నర సెంటీమీటర్ల పొడవు గీత వస్తే అంత. చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత దాకా పరిస్తే సుమారుగా అంతే ఉంటుంది. మొదటి రెండు వారాలు అందులో సగమే తీసుకోండి. నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలుగా పెట్టి వేలితో మెల్లగా పరవండి. కంటి కొనలు, ముక్కుపుటాల మడత, పెదవుల మూలలు వదిలేయండి. మంట మొదట లేచేది అక్కడే.

పొక్కు ఉన్నచోట మాత్రమే చుక్క పెట్టి వదిలేస్తారు కొందరు. ఇది పుట్టిన పొక్కును మాడ్చే మందు కాదు, పుట్టబోయేదాన్ని ఆపే మందు. అందుకని పొక్కులు వచ్చే ప్రాంతం మొత్తానికి రాయాలి.

రాశాక రబ్బరుతో చెరిపితే వచ్చే పొట్టులాంటిది వేళ్లకి వస్తుంటే కంగారు పడకండి, అది మీ చర్మం కాదు. ఈ యాసిడ్ నీళ్లలో సరిగా కరగదు కాబట్టి క్రీములో సన్నటి పొడిలా ఉంటుంది. కింద రాసినది ఆరకపోయినా, పైన గట్టిగా రుద్దినా అది ఉండలు కడుతుంది. తక్కువ తీసుకోవడం, ఆగడం, రుద్దకుండా అద్దడం, ఈ మూడే దానికి మందు.

అసలు కష్టం: మొదటి మూడు వారాల మంట

ఇక్కడ నెమ్మదిగా చదవండి. రాసిన రెండు మూడు నిమిషాలకి చిటపటమంటుంది, చీమలు పాకినట్టు దురద పెడుతుంది. చాలామందికి ఎంతో కొంత ఉంటుంది. ఇది తెలియనివాళ్లు అలర్జీ అనుకుని వెంటనే కడిగేసి మానేస్తారు. తెలిసీ తెలియనివాళ్లు ఇంకో తప్పు చేస్తారు: "మంట పుడుతోందంటే పని చేస్తోందన్నమాట" అని పళ్లు బిగపట్టి రోజూ రెండుపూటలా రాస్తారు. ఈ రెండో తప్పే ఎక్కువ నష్టం చేస్తుంది. రంగు ముదురుగా ఉన్న చర్మంలో ప్రతి మంటా, ప్రతి వాపూ మానేటప్పుడు ఒక నల్ల మచ్చను వదిలి వెళ్లగలదు. మచ్చలు పోవడానికి మొదలుపెట్టిన మందును మొండిగా వాడి కొత్త మచ్చలు తెచ్చుకున్నవాళ్లని నేను చూశాను.

కాబట్టి మంట పుట్టిందా లేదా అని కాదు, అది ఎలాంటి మంట, ఎంతసేపు ఉంది అన్నది చూడాలి. మామూలు చిటపట రాసిన కొద్ది నిమిషాల్లో మొదలై, అరగంటలోపు తగ్గిపోతుంది. రాసిన మేరకే ఉంటుంది. పొద్దున లేచి అద్దంలో చూస్తే ముఖం నిన్నటిలాగే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, అది రోజురోజుకీ తగ్గుతూ వస్తుంది. మొదటి రాత్రి పదికి ఏడు అనిపించినది ఐదారోసారికి నాలుగు, మూడో వారం చివరికి ఒకటో రెండో ఉండాలి.

చర్మం దెబ్బతింటున్న మంట తీరు వేరు. పొద్దుటికి కూడా ఎర్రదనం ఉంటుంది. చర్మం బిగుసుకుపోయి, గాజులా మెరుస్తుంది. ముక్కు పక్కన, నోటి చుట్టూ పొట్టు లేస్తుంది. నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఒకటుంది: పొద్దున ఒట్టి నీళ్లతో ముఖం కడిగినప్పుడు చురుక్కుమంటోందా? రోజూ రాసుకునే మాయిశ్చరైజర్ కూడా మండుతోందా? ఔనంటే ఆ రాత్రి మందు రాయకూడదు. కనురెప్పలు ఉబ్బినా, రాయని చోట్ల కూడా దద్దుర్లు లేచినా, నీరు కారినా అది అలర్జీ కావచ్చు. అప్పుడు మానేసి డాక్టర్‌కి చూపించుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇది రాసినప్పుడు ఆయాసం పెరిగిన సందర్భాలు అరుదుగా ఉన్నాయి. అలా అనిపిస్తే ఇంకోసారి రాయొద్దు.

ఈ రెండు మంటలనూ వేరుచేసి చూడాలంటే రోజు విడిచి రోజు రాయడం తప్ప దారి లేదు. రోజూ రాస్తే నిన్నటి మంట తగ్గకముందే ఇవాళ్టిది మొదలవుతుంది, ఏది ఏదో తెలియదు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, సగం మోతాదు. ఆ తర్వాత రెండు వారాలు రోజూ రాత్రి, సగం మోతాదు. ఐదో వారం నుంచి రోజూ రాత్రి, పూర్తి మోతాదు. డాక్టర్ రెండుపూటలా రాయమంటే పొద్దుటి పూత ఆరో వారంలోనో, ఏడో వారంలోనో మొదలుపెట్టండి, దాని మీద సన్‌స్క్రీన్ రాసుకోవాలి. నీళ్ల పరీక్షలో చురుక్కుమన్న రోజున ఈ లెక్క ముందుకి జరగదు. చర్మం మామూలుగా అయ్యేదాకా ఆగి, అంతకుముందు వారం లెక్కతో మళ్లీ మొదలుపెట్టాలి.

ఆగాల్సి వస్తే పూర్తిగా ఆగండి. "మంటగా ఉంది కదా, కొంచెమే రాస్తాను" అనడం ఆగడం కాదు. మెత్తని ఫేస్ వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఏదీ ముఖం మీదికి రాకూడదు. వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజులు వృథా అయ్యాయని బెంగ పెట్టుకోకండి. దెబ్బతిన్న చర్మం మీద రాసిన మందు మచ్చలు తగ్గించదు.

మా మేనకోడలి ముఖం

మా మేనకోడలికి 27 ఏళ్లు. రెండు బుగ్గల మీదా ముదురు ఎరుపు, పద్దెనిమిది దాకా చిన్న పొక్కులు, దవడ పక్కన గోధుమ రంగు మచ్చలు. 10 శాతం అజెలాయిక్ క్రీము తనే కొనుక్కుంది. ముఖం కడిగిన వెంటనే, తడి మీదే, రోజూ దట్టంగా రాసింది. దానికి ముందు గ్లైకోలిక్ యాసిడ్ టోనర్, పొద్దున విటమిన్ సి సీరమ్ మామూలే. తొమ్మిదో రోజున ఫోన్ చేసి, "అత్తా, ఇది నాకు పడట్లేదు, నీళ్లు తగిలినా మండుతోంది" అంది. వెళ్లి చూస్తే నోటి చుట్టూ పొట్టు, బుగ్గలు నిగనిగలాడుతున్నాయి.

అన్నీ ఆపించాను. పన్నెండు రోజులకి నీళ్ల పరీక్షలో చురుకు పోయింది. అప్పుడు అదే క్రీము, పైన చెప్పిన పద్ధతిలోనే మొదలుపెట్టాం. ప్రతి ఆదివారం పొద్దున ఒకే కిటికీ దగ్గర నిలబెట్టి ఫోటో తీయమన్నాను, ఎందుకంటే అద్దంలో రోజూ చూసుకునేవాళ్లకి మార్పు తెలియదు. మొదటి రాత్రి ఇరవై నిమిషాలు దురద పెట్టింది. పదోసారికి ఐదు నిమిషాలు కూడా లేదు.

నాలుగో వారం ఫోటోలో పొక్కులు పదకొండు. ఎర్రదనం అలాగే ఉంది, అది చూసి మానేస్తానంది. పొక్కులు ముందు తగ్గుతాయి, ఎర్రదనం తర్వాత, మచ్చలు అన్నిటికన్నా ఆఖర్న అని చెప్పి ఆపాను. ఎనిమిదో వారానికి పొక్కులు నాలుగుకి వచ్చాయి. పన్నెండో వారానికి బుగ్గల ఎరుపు సగానికి పైగా తగ్గింది. దవడ మీద మచ్చలు పలచబడటం మాత్రం పదహారో వారం ఫోటోలోనే నాకు నమ్మకంగా కనిపించింది. ముక్కు పక్కన దారాల్లా ఉన్న సన్నటి ఎర్ర గీతలు ఇప్పటికీ ఉన్నాయి. అవి వెడల్పయిన రక్తనాళాలు. వాటి మీద ఈ మందే కాదు, పైన పూసే ఏ క్రీమూ పెద్దగా పనిచేయదు, లేజర్ చేయించుకోవాలి. వేడికి, కోపానికి ముఖం ఒక్కసారిగా భగ్గుమని ఎర్రబడటాన్ని కూడా ఇది ఆపదు.

మిగతావాటితో పోలిస్తే

"దీనికన్నా రెటినాల్ మంచిది కదా" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. దేనికి మంచిది? నల్ల తలల మొటిమలకి, ముడతలకి రెటినాల్, దాని కుటుంబానికి చెందిన మిగతా రెటినాయిడ్లు గట్టివి, అందులో సందేహం లేదు. కానీ రోజేషియా ఉన్న ఎర్రటి చర్మం మీద వాటి మొదటి నెల అజెలాయిక్ కన్నా చాలా కష్టంగా గడుస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు రెటినాయిడ్లు వాడకూడదు. అజెలాయిక్ యాసిడ్ పూసినదాంట్లో సుమారు 4 శాతమే ఒంట్లోకి వెళ్తుంది, గర్భిణులకి డాక్టర్లు రాసే కొద్ది మందుల్లో ఇదొకటి. అయినా వాళ్లని అడిగే మొదలుపెట్టండి.

బెంజాయిల్ పెరాక్సైడ్ చీము మొటిమలను దీనికన్నా త్వరగా అణుస్తుంది. చర్మాన్ని బాగా ఎండగొడుతుంది, దిండు గలీబుల రంగు పోగొడుతుంది, మచ్చల జోలికి పోదు. శాలిసిలిక్ యాసిడ్ నూనె చర్మంలో మూసుకుపోయిన రంధ్రాలకి బాగుంటుంది, ఎర్రదనం ఉన్నచోట నేను దాన్ని రానివ్వను. గ్లైకోలిక్ యాసిడ్‌ది వేరే పని, అది పైపొరను రాల్చేస్తుంది. పేరు చివర యాసిడ్ ఉందని రెండింటినీ ఒకే గాటన కట్టి, ఒకే రాత్రి రాసేవాళ్ల వల్లే అజెలాయిక్‌కి చెడ్డపేరు వచ్చిందని నా నమ్మకం.

రోజేషియాకి డాక్టర్లు ఎక్కువగా ఇచ్చే ఇంకో పూత మెట్రోనిడజోల్. 15 శాతం అజెలాయిక్ జెల్‌నీ, 0.75 శాతం మెట్రోనిడజోల్ జెల్‌నీ పదిహేను వారాలు పోల్చి చూసినప్పుడు పొక్కుల్నీ ఎర్రదనాన్నీ తగ్గించడంలో అజెలాయిక్‌దే పైచేయి అయింది. మంట కూడా దానికే ఎక్కువ. ఎంత నెమ్మదిగా వెళ్లినా అజెలాయిక్ పడని చర్మానికి మెట్రోనిడజోల్ మంచి దారి.

మంగు మచ్చలకి హైడ్రోక్వినోన్ పేరు ముందు వినిపిస్తుంది. 24 వారాల పోలికలో 20 శాతం అజెలాయిక్ క్రీము, 4 శాతం హైడ్రోక్వినోన్‌కి దాదాపు సాటిగా నిలిచింది. హైడ్రోక్వినోన్‌ను అదుపు లేకుండా ఏళ్ల తరబడి వాడితే నీలి నలుపు మచ్చలు శాశ్వతంగా మిగిలే ప్రమాదం ఉంది. అజెలాయిక్‌కి ఆ భయం లేదు, ఎన్ని నెలలైనా వాడొచ్చు. ఎక్కువగా, అసహజంగా పనిచేస్తున్న రంగు కణాల మీదే దీని ప్రభావం ప్రధానంగా ఉంటుంది కాబట్టి మామూలు చర్మం తెల్లబడదు. ముదురు చర్మంలో రాసినచోట రంగు మరీ తగ్గడం అరుదుగా జరుగుతుంది, అందుకు కూడా ఆదివారం ఫోటోలు పనికొస్తాయి. తెల్లబడాలని దీన్ని కొనేవాళ్లు మాత్రం డబ్బు దండగ చేసుకోవద్దు.

తోడుగా ఏదైనా కావాలంటే విటమిన్ బి3లో ఒక రకమైన నియాసినమైడ్ ఒక్కటే నేను ఒప్పుకుంటాను, అదీ ఐదో వారం తర్వాత. విటమిన్ సి నాలుగు నెలల దాకా వద్దు.

సన్‌స్క్రీన్ గురించి చిన్న అపోహ ఉంది. అజెలాయిక్ యాసిడ్ చర్మాన్ని ఎండకి సున్నితంగా మార్చదు. అయినా సన్‌స్క్రీన్ తప్పదు, ఎందుకంటే ఈ మందు రాత్రి తగ్గించిన రంగును ఎండ పగలు తిరిగి తెస్తుంది. మంగు మచ్చలున్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ తీసుకోండి. మామూలు వెలుతురు కూడా మంగును ముదురు చేస్తుంది, తెల్లటి సన్‌స్క్రీన్ దాన్ని సరిగా ఆపదు.

ఎప్పుడు ఆపాలి?

పూర్తి మోతాదుతో పన్నెండు వారాలు వాడినా పొక్కుల లెక్క తగ్గకపోతే 10 శాతం మీ చర్మానికి చాలడం లేదు, లేదా మీకున్నది ఈ మందు పనిచేసే జబ్బు కాదు. రెండిటికీ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. మచ్చలకైతే ఆరు నెలలు చూడండి. ముఖం ఎరుపుతో పాటు కళ్లు ఎర్రబడి ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంటే పన్నెండు వారాలు ఆగొద్దు. రోజేషియా కళ్లకి కూడా వస్తుంది, దాన్ని ముఖానికి రాసే క్రీము ముట్టదు.

బాగా తగ్గినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే పొక్కులు కొన్ని వారాల్లో మళ్లీ రావచ్చు. మా మేనకోడలు ఏడో నెల నుంచి వారానికి మూడు రాత్రులు రాస్తోంది. వరసగా రెండు ఆదివారాలు కొత్త పొక్కు కనిపిస్తే మళ్లీ రోజూ రాత్రికి మారుతుంది, తగ్గాక మూడు రాత్రులకి వస్తుంది.